అవధి లేదని నిరూపించేటప్పుడు ఎవరి వంతు ముందు?

ఒక ప్రమేయానికి ఫలానా బిందువు వద్ద అవధి లేదని చెప్పవలసి వచ్చినప్పుడు విద్యార్థులు సాధారణంగా గ్రాఫును చూపిస్తారు. sin(1/x) విషయంలోనైతే, x సున్నాకు దగ్గరవుతున్న కొద్దీ వక్రం +1కీ −1కీ మధ్య అంతకంతకూ వేగంగా ఊగుతుంది కనుక అది ఏ విలువ వద్దా నిలవదని రాసి ఊరుకుంటారు. ఆ మాటలో అసత్యం లేదు. 1821లో వెలువడిన తన పాఠ్యగ్రంథంలో ఫ్రెంచి గణితవేత్త కోషీ కూడా ఇదే ప్రమేయాన్ని తీసుకొని, సున్నా వద్ద అది −1కీ +1కీ మధ్య అనంత సంఖ్యలో విలువలను పొందగలదని గుర్తించాడు. అయితే గమనించిన విషయం నిరూపణగా మారాలంటే అవధి నిర్వచనాన్ని ముందు పెట్టుకొని, దాని నిరాకరణను, అంటే ఆ నిర్వచనం చెల్లదని చెప్పే ప్రవచనాన్ని, పొల్లుపోకుండా రాయక తప్పదు.

x విలువ a ని సమీపించినప్పుడు f(x) అవధి L అనడానికి అర్థం ఇది: ఎంత చిన్న ధన సంఖ్య ε ఇచ్చినా, దానికి తగిన ధన సంఖ్య δ ఒకటి దొరుకుతుంది, 0 < |x − a| < δ అయిన ప్రతి x కీ |f(x) − L| < ε అవుతుంది. నిరాకరణలో ‘ప్రతి’ ఉన్నచోట ‘కనీసం ఒకటి’, ‘కనీసం ఒకటి’ ఉన్నచోట ‘ప్రతి’ వస్తాయి, కాని వాటి వరుస మాత్రం మారదు. అందువల్ల L అవధి కాదనడమంటే, ఏదో ఒక ధన ε ఉందని, ఏ δ ఇచ్చినా 0 < |x − a| < δ అయి |f(x) − L| ≥ ε అయ్యే x కనీసం ఒకటి ఉంటుందని చూపడమే. అసలు అవధే లేదనాలంటే ఈ పని ప్రతి L కూ జరగాలి; L = 0 ఒక్కదాన్నే ఖండించి ముగించిన నిరూపణ సగంలో ఆగిపోయినట్టే.

ఇప్పుడు sin(1/x) కు L ఏదైనా కావచ్చునని తీసుకొని, ε = 1 అని ముందే నిర్ణయించుకుందాం. ఎదుటివారు δ ఇస్తారు. అప్పుడు 2πn > 1/δ అయ్యే సహజ సంఖ్య n ను ఎంచుకోవాలి. L సున్నా గాని రుణ సంఖ్య గాని అయితే x = 1/(2πn + π/2) తీసుకుంటే ప్రమేయం విలువ 1 అవుతుంది, L నుంచి దాని దూరం 1 − L, అంటే 1 కి తక్కువ కాదు. L ధన సంఖ్య అయితే x = 1/(2πn + 3π/2) వద్ద విలువ −1, దూరం 1 + L, అది 1 ని మించుతుంది. ఉదాహరణకు L = 0.3, δ = 0.01 అనుకుంటే n = 16 సరిపోతుంది; x సుమారు 0.0095, అది δ కంటే చిన్నది, దూరం 1.3.

ఇక్కడ ε గా 1 ని తీసుకోవడం యాదృచ్ఛికం కాదు. L = 0 అయినప్పుడు sin విలువ ఎన్నడూ 1 ని దాటదు కనుక దూరం అత్యధికంగా 1 మాత్రమే; అన్ని L లకూ ఒకే ε పనిచేయాలంటే 1 కంటే పెద్దది పనికిరాదు. ‘కంటే తక్కువ’కు నిరాకరణ ‘కంటే ఎక్కువ’ కాదు, ‘ఎక్కువ లేదా సమానం’ అని మరచినవారికి ఈ L వద్దే నిరూపణ తెగిపోతుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైనది వరుస తప్పడం. δ వచ్చిన తరువాత ε ని ఎంచుకోవచ్చునని అనుకుంటే, f(x) = x అనే అతి సాధారణ ప్రమేయానికి కూడా సున్నా వద్ద అవధి సున్నా కాదని ‘నిరూపించవచ్చు’: ఇచ్చిన δ లో సగాన్ని x గానూ, అదే సగాన్ని ε గానూ తీసుకుంటే |x − 0| ≥ ε అయిపోతుంది. లెక్కలో ఎక్కడా తప్పు కనిపించదు, ముగింపు మాత్రం పచ్చి అబద్ధం. కాబట్టి ఎవరి నిరూపణనైనా దిద్దేటప్పుడు మొదట చూడవలసింది ε లో δ గాని x గాని దూరిందా అన్నదే. x మాత్రం δ మీద ఆధారపడవచ్చు, ఆధారపడాలి కూడా.

పైన ఎంచుకున్న x లన్నీ ధన సంఖ్యలే కనుక ఆ నిరూపణ sin(1/x) కు సున్నా వద్ద కుడి అవధి సైతం లేదని తేలుస్తుంది. వాటి గుర్తులు మార్చి అదే వాదాన్ని నడిపితే ఎడమ అవధి కూడా లేదని తేలుతుంది. కుడి, ఎడమ అవధులు వేరువేరు కనుక అవధి లేదని ఈ ప్రమేయానికి జవాబు రాస్తే అది తప్పు.