నెమలికంఠం చీర కింద ఆరు వరుసలు

గుంటూరులో ఇంటి ముందుగదిలో ఒక బీరువా, ఒక బల్ల పెట్టుకుని మంగళగిరి చీరలు అమ్మే ఒకావిడ వాట్సాప్ స్టేటస్‌లో రాసిన మాటలివి. పైన చీర ఫోటో. కింద ఇంతే:

నెమలికంఠం, మిరపపండు అంచు. 1,450.
మంగళగిరి చేనేత, నూలు, 80 కౌంట్. నిజాం బార్డర్, జరీ. జాకెట్టు ముక్క చీరలోనే.
ఆంధ్ర, తెలంగాణకి పంపే ఖర్చు ఇందులోనే.
ఒక్కటే ఉంది. కావాలంటే ఈ ఫోటోకే జవాబు రాయండి.
ఉంది అని నేను చెప్పాకే డబ్బు పంపండి.
మరక, చిరుగు ఉంటే వెనక్కి తీసుకుంటా. విప్పేటప్పుడు వీడియో తీయండి.

చూడటానికి మామూలుగానే ఉంది. కానీ ఒక్కో వరుస ఎందుకు అక్కడే ఉందో, ఏ మాట కావాలని వదిలేశారో గమనిస్తే, అమ్మకం బాగా తెలిసిన మనిషి రాసిందని అర్థమవుతుంది.

మొదటి వరుసలో రంగు, ధర పక్కపక్కనే ఉన్నాయి. స్టేటస్‌లో ఫోటో కొన్ని సెకన్లే నిలుస్తుంది, ఆ వెంటనే తరవాతిది వచ్చేస్తుంది. కింద రాత పొడుగైతే వాట్సాప్ కొంత చూపించి మిగతాది మడిచేస్తుంది. చూసేవాళ్ళు బొటనవేలు అదిమిపెట్టి ఆపితేనే తీరిగ్గా చదవగలరు. ఆపాలా వద్దా అని వాళ్ళు తేల్చుకునేది ఆ మొదటి వరుసలోనే. చీర నచ్చాక మనసులోకి వచ్చే మొదటి ప్రశ్న ‘ఎంత?’. దానికి జవాబు అక్కడే ఉంది.

చాలామంది ఇక్కడ ‘రేటు కోసం మెసేజ్ చేయండి’ అని రాస్తారు. దానికీ కారణముంది. పక్కవీధిలో అమ్మే ఇంకొకరు ధర చూసి యాభై తగ్గించి పెడతారని భయం, అడిగిన మనిషిని మాటల్లో పెట్టి కొనిపించవచ్చని ఆశ. కానీ కొనేవైపు నుంచి చూడండి. తెలిసినావిడని ధర అడిగి, విని, ‘తరవాత చెప్తానండీ’ అనడం చాలామందికి ఇబ్బంది. అడిగితే కొనాల్సి వస్తుందేమోనని అసలు అడగరు. ధర ముందే రాస్తే కొననివాళ్ళు నిశ్శబ్దంగా దాటిపోతారు. రాసినవాళ్ళు మాత్రం ధరకి ఒప్పుకునే రాస్తారు. ఒంటిచేత్తో ఇల్లు, వ్యాపారం నడిపే మనిషికి ఆ తేడా చాలా పెద్దది. వంటింట్లో పొయ్యి మీద అన్నం ఉండగా ముప్ఫైమందికి ‘1,450 అండీ’ అని టైపు చేసే పని తప్పుతుంది.

రంగు పేరు చెప్పిన తీరు ఈ రాతలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. ఆవిడ ‘బ్లూ’ అనలేదు, ‘గ్రీన్’ అనలేదు. నెమలికంఠం అంది. ఇలాంటి చీరలో పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు. నీలం పడుగులో ఆకుపచ్చ పేక పడితే, బట్ట కదిలినప్పుడల్లా ఒకసారి నీలంగా, ఒకసారి పచ్చగా కనిపిస్తుంది. ఫోటోకి ఆ కదలిక లేదు. కెమెరా ఏ కోణంలో ఉంటే ఆ రంగే పట్టుకుంటుంది. ఈ ఫోటోలో చీర దాదాపు నీలంగా పడింది. కింద నెమలికంఠం అని లేకపోతే నీలం అనుకుని కొన్నవాళ్ళు పార్శిల్ విప్పాక ‘ఫోటోలో ఒకటి, పంపింది ఒకటి’ అని కోప్పడతారు. ఆ ఒక్క మాట ఫోటో చెప్పలేని సంగతిని చెప్పింది, రాబోయే తగవునీ ఆపింది.

మన చీరల రంగులకి ఇలాంటి పేర్లు చాలా ఉన్నాయి: వంకాయ రంగు, ఉల్లిపొర రంగు, చిలకపచ్చ, గంధం రంగు, ఆనంద బ్లూ. వీటిలో ఏది విన్నా అమ్మమ్మ నుంచి మనవరాలి దాకా అందరి కళ్ళ ముందూ దాదాపు ఒకే రంగు మెదులుతుంది. ఒక్కో ఫోను తెర రంగుని ఒక్కోలా చూపిస్తుంది, పేరు మాత్రం ఏ తెర మీదైనా మారదు. ‘మిరపపండు అంచు’ అన్నది కూడా అలాంటిదే. మెరూన్ కాదు, గులాబీ కాదు, కల్లంలో ఎండిన పండుమిరప ఎరుపు. గుంటూరు మనిషికి అంతకన్నా చెప్పక్కర్లేదు.

రెండో వరుస సరుకు గురించి. ఇందులో నిజాయితీ ఎక్కడుందంటే, వాడని మాటలో ఉంది. ‘ప్యూర్’ అన్న మాట ఎక్కడా లేదు. అసలైన జరీలో వెండి ఉంటుంది, దాని మీద బంగారపు పూత ఉంటుంది. 1,450 రూపాయల నూలు చీరలో అది ఉండటం సాధ్యం కాదు. అందుకే ఆవిడ ‘జరీ’ అని ఆపేసింది. ‘చేనేత’ అన్న మాట మాత్రం ధైర్యంగా రాసింది, ఎందుకంటే అది ఆవిడ చూపించగలిగిన సంగతి. మంగళగిరి పేరుతో మరమగ్గం చీరలూ అమ్ముడవుతున్నాయి. మగ్గం మీద నేసేటప్పుడు బట్ట పన్నా ముడుచుకోకుండా అడ్డంగా ఒక కర్ర బిగిస్తారు. దాని మొనలు దిగిన చోట అంచుల వెంబడి సన్నని సూదిరంధ్రాల్లాంటి గుర్తులు మిగులుతాయి. చీర చేతికి వచ్చాక అంచుని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే కనిపిస్తాయి. అడిగినవాళ్ళకి ఆవిడ ఆ అంచు దగ్గరగా తీసిన ఫోటో విడిగా పంపిస్తుంది.

80 కౌంట్ అన్నది నూలు సన్నదనానికి కొలత. ఒక పౌను బరువు నూలులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తే అది అన్ని కౌంట్ల నూలు. అంకె పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. కొనేవాళ్ళలో ఈ లెక్క తెలిసినవాళ్ళు తక్కువే అయినా, ఇదివరకు కొన్న చీర ఎన్ని కౌంట్లో గుర్తున్నవాళ్ళు దానితో పోల్చుకుంటారు. ‘మెత్తగా, హాయిగా ఉంటుంది’ అని రాసి ఉంటే పోల్చుకోవడానికి ఏమీ దొరికేది కాదు. ఇక జాకెట్టు ముక్క మాట. ఆ మూడు మాటలూ లేకపోతే వచ్చే మొదటి పది మెసేజ్‌లూ దాని గురించే.

ధరనీ, పంపే ఖర్చునీ వేరు వేరు వరుసల్లో పెట్టినా, మొత్తం ఒక్కటే. ఆవిడకి నేతగాళ్ళ దగ్గర ఆ చీర 1,150కి పడిందనుకుందాం. కవరుకీ కొరియర్‌కీ 90 అవుతుందనుకుందాం. అప్పుడు మిగిలేది 210. ఇంకో పద్ధతిలో ‘1,360 ప్లస్ షిప్పింగ్’ అని రాయొచ్చు, చూపుకి తక్కువగా ఉంటుంది. కానీ చివర్లో తొంభై కలిసేసరికి కొనే మనిషికి మోసపోయినట్టుంటుంది. ‘ఆంధ్ర, తెలంగాణకి’ అని హద్దు గీయడం కూడా అవసరమే. బెంగళూరుకో పుణేకో పంపితే ఆ 90 సరిపోదు. అక్కడివాళ్ళు అదనంగా ఎంతో అడుగుతారు, అది న్యాయమైన ప్రశ్నే.

‘ఈ ఫోటోకే జవాబు రాయండి’ అన్న వాక్యం వాట్సాప్ పనిచేసే తీరు తెలిసి రాసినది. స్టేటస్ కింద జవాబు రాస్తే అది నేరుగా ఆవిడ చాట్‌లోకి వెళ్తుంది, పైన ఆ ఫోటో చిన్నదిగా అతుక్కుని ఉంటుంది. ‘ఇది కావాలండీ’ అన్న రెండు ముక్కలు చాలు, ఏ చీరో మళ్ళీ చెప్పుకోనక్కర్లేదు. అయితే ఇది పనిచేయాలంటే ఒక ఫోటోలో ఒక్క చీరే ఉండాలి. అయిదు చీరలు వరసగా పరిచి ఒకే ఫోటో తీసి పెట్టేవాళ్ళకి ‘ఎడమ నుంచి రెండోది’, ‘ఆ పచ్చది కాదు, దాని పక్కది’ అంటూ గంట గడిచిపోతుంది. ఆవిడ ఎనిమిది చీరలుంటే ఎనిమిది స్టేటస్‌లు పెడుతుంది.

అందులో ఫోను నంబరు లేదని కొందరికి అనిపించవచ్చు. అక్కర్లేదు. మామూలుగా, ఇద్దరి ఫోన్లలోనూ ఒకరి నంబరు ఒకరికి సేవ్ అయి ఉంటేనే స్టేటస్ కనిపిస్తుంది. అందుకే కొత్తగా చేరేవాళ్ళకి ఆవిడ చెప్పే మొదటి మాట ‘నా నంబరు సేవ్ చేసుకోండమ్మా’.

ఇక అయిదో వరుస. ‘ఉంది అని నేను చెప్పాకే డబ్బు పంపండి.’ మొత్తం రాతలో ఇంతకన్నా విలువైన వాక్యం లేదు. చీర ఒక్కటే. స్టేటస్ 24 గంటలు ఉంటుంది. పొద్దున ఏడింటికి ఒకరు, ఏడుంబావుకి ఇంకొకరు అడిగారనుకోండి. ‘ముందు డబ్బు పంపినవాళ్ళకే’ అని రాసే అలవాటు చాలామందిలో ఉంది. అప్పుడు ఇద్దరూ హడావిడిగా ఫోన్‌పేలో పంపేస్తారు. ఒకరికి చీర, ఇంకొకరికి ‘సారీ అండీ, అయిపోయింది, డబ్బు వేసేస్తాను’ అన్న కబురు. ఆ డబ్బు వెనక్కి రావడానికి రెండు రోజులే పట్టినా ఆ మనిషి మళ్ళీ ఆ స్టేటస్ వైపు చూడదు. ఈవిడ ఆ ఆత్రాన్ని వాడుకోలేదు. ముందు అడిగినవాళ్ళకి ‘ఉంది’ అని చెప్పి స్కానర్ పంపిస్తుంది, రెండోవాళ్ళకి ‘ఒకరు అడిగారమ్మా, వాళ్ళు వద్దంటే చెప్తా’ అంటుంది. డబ్బు ఖాతాలో పడ్డాక ఆ స్టేటస్ తీసేస్తుంది. పంపినట్టు చూపే స్క్రీన్‌షాట్ నమ్మదు, బ్యాంకు మెసేజ్ చూసుకుంటుంది, ఎందుకంటే అలాంటి స్క్రీన్‌షాట్ తయారు చేయడం ఎవరికైనా సులువే.

చివరి వరుస వెనక్కి తీసుకునే షరతు. దీన్ని చాలామంది డబ్బు చేతికొచ్చాక పంపుతారు. అది తప్పు. కొనేముందే తెలియాల్సిన సంగతి అది. ‘మరక, చిరుగు’ అని రెండే చెప్పడంలోనూ ఆలోచన ఉంది. చేనేతలో అక్కడక్కడా తెగిన నూలు అతికిన ముడి కనిపిస్తుంది. అది లోపం కింద రాదు. రంగు నచ్చలేదన్నా రాదు.

ఈ ఆరు వరుసల్లో నాకు కనిపించిన లోటు ఒక్కటే. పొడుగ్గా ఉండే ఆడవాళ్ళకి చీర పన్నా ఎంతో తెలియకపోతే కట్టుకున్నాక చీలమండల పైకి వచ్చేస్తుంది. నచ్చిన చీర బీరువాలో ఉండిపోయేది చాలాసార్లు ఇందుకే. రెండో వరుసలో ‘80 కౌంట్’ పక్కన ఆ అంగుళాల అంకె ఒకటి చేర్చాలి. ఇళ్ళలో చీరలమ్మే అక్కచెల్లెళ్ళందరికీ నా మనవి ఇదే: స్టేటస్ పెట్టేముందు టేపు తీసి పన్నా కొలిచి, ఆ అంకె కౌంట్ పక్కనే రాయండి.