కొక్కేనికి ఏ ప్లాస్టిక్? పీఎల్ఏ, పీఈటీజీల ఎంపిక

కొత్తగా 3డి ప్రింటర్ కొన్నవారు మొదట అచ్చువేసే వస్తువులు చాలావరకు ఇంటి అవసరాలకు సంబంధించినవే: తలుపు వెనక సంచి తగిలించే కొక్కెం, చీపురుకట్టను గోడకు పట్టి ఉంచే క్లిప్పు, సింకు పక్కన స్పాంజి పెట్టుకొనే గూడు వంటివి. వీటికి ఏ ఫిలమెంటు కొనాలన్న ప్రశ్నకు సాధారణంగా దొరికే సమాధానం, పీఎల్ఏ సులభమనీ పీఈటీజీ గట్టిదనీ. ఇందులో మొదటి సగం నిజమే కాని, రెండో సగం కొత్తవారిని తప్పుదారి పట్టిస్తుంది. ఎందుకంటే ఒక్కసారిగా లాగి తెంపే పరీక్షలో చాలా సందర్భాల్లో పీఎల్ఏయే ఎక్కువ బలాన్ని తట్టుకొంటుంది, వంగకుండా నిలబడే బిగువు కూడా దానికే ఎక్కువ. అందువల్ల ఏది గట్టిది అని అడగడంకన్నా, ఆ వస్తువు ఎంత వేడిలో ఉంటుంది, బరువును ఎంతకాలం మోస్తుంది, వాడేటప్పుడు పదేపదే వంగుతుందా అని అడగడమే సరైన మార్గం.

పీఎల్ఏ అంటే పాలీ లాక్టిక్ ఆమ్లం. మొక్కజొన్న పిండి, చెరకు వంటి వాటిలోని చక్కెరలను పులియబెట్టగా వచ్చే లాక్టిక్ ఆమ్లంతో దీన్ని తయారుచేస్తారు. పీఈటీజీ నీళ్ల సీసాల ప్లాస్టిక్ అయిన పెట్ కుటుంబానికి చెందినది. పెట్ చల్లారేటప్పుడు స్ఫటికాలుగా గడ్డకట్టి పెళుసుబారే గుణాన్ని తగ్గించడానికి దాని అణు గొలుసులో మరొక గ్లైకాల్‌ను చేర్చగా వచ్చిన రకం ఇది, పేరు చివరి జీ అక్షరం ఆ మార్పునే సూచిస్తుంది. పీఎల్ఏను సుమారు 200 నుంచి 215 డిగ్రీల వద్ద, పీఈటీజీని సుమారు 230 నుంచి 250 డిగ్రీల వద్ద కరిగించి అచ్చువేస్తారు. అయితే వాడేవారికి ఈ కరిగించే వేడికన్నా ముఖ్యమైన అంకె మరొకటి ఉంది. ప్లాస్టిక్ కరగడానికి చాలా ముందే ఒక దశలో తన బిరుసును కోల్పోయి మెత్తబడుతుంది. ఆ దశను గాజు పరివర్తన ఉష్ణోగ్రత అంటారు. అది పీఎల్ఏకు సుమారు 55 నుంచి 60 డిగ్రీలు, పీఈటీజీకి సుమారు 80 డిగ్రీలు.

ఈ ఇరవై డిగ్రీల తేడాను కళ్లారా చూడాలంటే రెండు ప్లాస్టిక్‌లతోనూ వేలెడంత పొడవు, రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న పట్టీలను అచ్చువేసి, 70 డిగ్రీల వేడినీళ్లున్న గ్లాసులో నిలబెట్టి ఒక నిమిషం ఆగితే చాలు. పట్టకారుతో బయటికి తీసినప్పుడు పీఎల్ఏ పట్టీ ఎటు నొక్కితే అటు వంగి, చల్లారిన తర్వాత ఆ వంపులోనే గడ్డకడుతుంది. పీఈటీజీ పట్టీ మాత్రం నిటారుగానే ఉంటుంది. నీళ్లు మరుగుతున్నవైతే రెండూ వంగుతాయి. ఈ అంకెలను తెలుగు నేల వేసవికి అన్వయిస్తే విషయం తేటతెల్లమవుతుంది. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల మే నెలలో నీడలోని గాలే 45 డిగ్రీలకు చేరుతుంది కాబట్టి, పడమటి ఎండ నేరుగా తగిలే కిటికీ చువ్వలు, రేకుల కప్పు కింది గోడలు, ఎండలో నిలిపిన కారు లోపలి భాగం 60 డిగ్రీలు దాటడం అరుదేమీ కాదు. అలాంటి చోట పెట్టిన పీఎల్ఏ వస్తువు విరగదు, మధ్యాహ్నానికల్లా వాలిపోతుంది. పొయ్యికి మూరెడు దూరంలో గరిటెలు తగిలించే కొక్కేనికీ ఇదే ముప్పు. ఈ చోట్లన్నింటికీ పీఈటీజీ తప్ప వేరే ఆలోచన అక్కర్లేదు. ఇక కారు డ్యాష్‌బోర్డు మీద నేరుగా ఎండ తగిలే వస్తువులకైతే పీఈటీజీ కూడా నమ్మదగినది కాదు.

ఇంటి లోపల, నీడలో ఉండే కొక్కెం సంగతి ఇంత తేలికగా తేలదు. ఇక్కడ ప్రధాన శత్రువు కాలం. ఏ ప్లాస్టిక్ అయినా తెంపగలిగిన బలంలో కొంత భాగమే పడినా సరే, ఆ బరువు రోజుల తరబడి వేలాడుతూ ఉంటే మెల్లమెల్లగా సాగుతుంది. దీన్ని క్రీప్ అంటారు. ఉదయం తగిలించి సాయంత్రం తీసే గొడుగు వల్ల కలగని నష్టం, నెలల తరబడి కదలకుండా వేలాడే బియ్యం సంచి వల్ల కలుగుతుంది. వాడకపు వేడి గాజు పరివర్తన ఉష్ణోగ్రతకు ఎంత దగ్గరైతే ఈ సాగుడు అంత వేగంగా జరుగుతుంది కాబట్టి, నలభై డిగ్రీల గదిలో పీఎల్ఏ కన్నా పీఈటీజీకి కొంత వెసులుబాటు ఎక్కువ. అలాగని పీఈటీజీ సాగదని అనుకోవడం పొరపాటు. రెండింటికీ అసలైన రక్షణ కొక్కెం ఆకారంలోనే ఉంది.

ఆ మాట ఎంత నిజమో ఒక ఉదాహరణతో లెక్కగట్టి చూడవచ్చు. గోడ నుంచి 40 మిల్లీమీటర్లు ముందుకు పొడుచుకొని వచ్చిన చేయి, 20 మిల్లీమీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం ఉన్న కొక్కేనికి ఐదు కిలోల సంచి తగిలించారనుకొందాం. ఐదు కిలోల బరువంటే సుమారు 50 న్యూటన్ల బలం. అది చేయి కొసన పడినప్పుడు చేయి గోడపలకను కలిసే మొదటి దగ్గర ప్రతిబలం, అంటే ఒక్కో చదరపు మిల్లీమీటరు భరించవలసిన బలం, సుమారు 17 న్యూటన్లు అవుతుంది. ఒక్కసారిగా లాగితే పీఎల్ఏ తెగేది సుమారు 50 దగ్గర కాబట్టి కొక్కెం ఆ రోజే విరగకపోవచ్చు కాని, తెగే బలంలో మూడోవంతు ఎడతెగకుండా పడుతూ ఉంటే అది నిలిచి ఉంటుందన్న భరోసా లేదు. అదే చేయి మందాన్ని 10 మిల్లీమీటర్లకు పెంచితే ప్రతిబలం ఆరుకు పడిపోతుంది, కొస కిందికి వంగడం నాలుగున్నర రెట్లు తగ్గుతుంది; ఎందుకంటే వంగకుండా నిలిచే బిగువు మందం ఘనంతో పెరుగుతుంది. పీఈటీజీ బిగువు పీఎల్ఏలో దాదాపు 60 శాతమే అయినా, ఈ ఘన సూత్రం వల్లనే 8 మిల్లీమీటర్ల పీఎల్ఏ చేయికి ఉండే బిగువును పీఈటీజీలో తెచ్చుకోవడానికి తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు సరిపోతాయి. మిల్లీమీటరున్నర మందం పెంచితే పూడిపోయే తేడాను కొత్తవారు ఫిలమెంటు గొప్పదనంగా భావించి గంటల తరబడి చర్చించుకోవడం విచారకరం.

మందంతోపాటు కొక్కేన్ని బెడ్ మీద ఎలా పడుకోబెట్టారన్నది కూడా ప్లాస్టిక్ ఎంపికకన్నా పెద్ద విషయం. ప్రింటర్ వస్తువును పొర మీద పొరగా కడుతుంది. పొర లోపలి బలంతో పోలిస్తే పొరకూ పొరకూ మధ్య అతుకు బలం తక్కువ. గోడకు ఆనుకొనే పలకను బెడ్ మీద పరచి, చేయి పైకి లేచేలా అచ్చువేస్తే, సంచి బరువు ఆ అతుకులను విడదీసేలా లాగుతుంది. అలాంటి కొక్కెం మొదటి దగ్గర పుటుక్కున తెగి, తెగిన చోట నున్నగా, ఒకే పొర వెంబడి విడిపోయినట్టు కనిపిస్తుంది. దాన్ని పక్కకు తిప్పి, కొక్కెం వంపు మొత్తం బెడ్ మీద పడుకొనేలా అచ్చువేస్తే ప్రతి పొరా గోడపలక నుంచి చేయి కొస దాకా తెగకుండా సాగుతుంది. చేయి, పలక కలిసే మూలను పదునుగా వదలకుండా ఐదు మిల్లీమీటర్ల గుండ్రంతో నింపడం, లోపలి జల్లెడ నింపుడును పెంచే బదులు బయటి గోడల సంఖ్యను నాలుగైదుకు పెంచడం కూడా అవసరమే, ఎందుకంటే వంగేటప్పుడు అత్యధిక ప్రతిబలం పైతలం మీదే పడుతుంది. పొరల అతుకు విషయంలో పీఈటీజీకి పీఎల్ఏ కన్నా మంచి పేరుంది కాని, తప్పుగా నిలబెట్టిన కొక్కేన్ని ఆ ఒక్క గుణం కాపాడలేదు.

చీపురు క్లిప్పు దగ్గరికి వచ్చేసరికి తీర్పు స్పష్టంగా పీఈటీజీ వైపే మొగ్గుతుంది. కర్రను లోపలికి నొక్కిన ప్రతిసారీ క్లిప్పు చేతులు విచ్చుకొని మళ్లీ దగ్గరికి రావాలి. పీఎల్ఏ తక్కువ సాగుతోనే తెగే పదార్థం కాబట్టి, కొన్నాళ్లకు ఒక చేయి చిట్లడమో, కర్ర లోపలే ఉండి చేతులు విచ్చుకొన్న స్థితికే అలవాటుపడి పట్టు సడలడమో జరుగుతుంది. పీఈటీజీ తెగేముందు బాగా వంగి, ఒత్తిన చోట తెల్లబడి హెచ్చరిస్తుంది.

ఇక అచ్చువేయడంలోని కష్టం గురించి. పీఎల్ఏకు నాజిల్ పక్కనున్న ఫ్యాన్ పూర్తి వేగంతో తిరగాలి. పీఈటీజీకి అదే గాలి పొరల అతుకును బలహీనపరుస్తుంది కాబట్టి సగానికో అంతకన్నా తక్కువకో తగ్గిస్తారు. మొదటి పొరను పీఎల్ఏలో కాస్త గట్టిగా బెడ్‌కు అదిమితే మంచిదే కాని, పీఈటీజీని అలా అదిమితే అది నాజిల్ మొనకు ఉండలా అంటుకొని వస్తువుమీద నల్లని ముద్దలుగా రాలుతుంది. నున్నని పీఈఐ పలకకో, గాజు పలకకో మరీ గట్టిగా అతుక్కొని, తీసేటప్పుడు పలక పైపొరను కూడా పెకలించుకొని వస్తుంది. అందుకే పీఈటీజీకి గరుకు పీఈఐ పలక వాడటం, నున్న పలకైతే ముందుగా గ్లూస్టిక్ పల్చగా రాయడం పరిపాటి. ఇక్కడ ఆ జిగురు పని అంటించడం కాదు, విడిపించడం.

తేమ మరో ఇబ్బంది. కోస్తా ఊళ్లలో, వానాకాలంలో విప్పి ఉంచిన పీఈటీజీ స్పూల్ గాలిలోని నీటిని పీల్చుకొంటుంది. అచ్చువేసేటప్పుడు నాజిల్ దగ్గర చిటపటలు వినిపించినా, వస్తువు భాగాల మధ్య సాలెగూడులా దారాలు వేలాడినా కారణం అదేనని ముందుగా అనుమానించాలి. సెట్టింగులు మార్చేముందు స్పూల్‌ను 65 డిగ్రీల వద్ద ఐదారు గంటలు ఆరబెట్టి చూడటం ఉత్తమం. పీఎల్ఏను మాత్రం 45 డిగ్రీలు దాటకుండా ఆరబెట్టాలి, లేకపోతే చుట్టలే ఒకదానికొకటి అతుక్కుపోతాయి.

ఈ కారణాలవల్ల మొదటి స్పూల్ పీఎల్ఏ కావడమే సముచితం. కొలతలు సరిచూసుకోవడం, మేకు రంధ్రం సరిపోయిందో లేదో తేల్చుకోవడం, పడుకోబెట్టే తీరు నేర్చుకోవడం అన్నీ దానితోనే సులభం. స్పాంజి గూడు, ఛార్జర్ పట్టీ, నీడలో వేలాడే తాళంచెవుల కొక్కెం దానితోనే చక్కగా నిలుస్తాయి. సరిపోయిన ఆకారాన్ని వంటింటికో, ఎండ తగిలే బాల్కనీకో, క్లిప్పుకో వాడవలసి వచ్చినప్పుడే రెండో స్పూల్ తెరవాలి. అయితే ఊయల వంటి మనిషి బరువునుగాని, పడితే ఎవరికైనా గాయమయ్యేలా తలపైన వేలాడే వస్తువునుగాని ఈ రెండింటిలో దేనికీ అప్పగించకూడదు. అక్కడ దుకాణంలో కొన్న ఇనుప కొక్కేన్నే వాడండి.