ఒక్క వేలితో చూపించండి

డొక్కలో పట్టేసిందంటూ ఎవరొచ్చినా నేను ముందు అడిగేది, నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించమని. అరచేత్తో పక్కంతా తడిమితే కండరం బెణికి ఉంటుందనుకుంటాను. వేలు ఒకేచోట ఆగి, అక్కడ నొక్కగానే మనిషి ఉలిక్కిపడితే నా అనుమానం పక్కటెముక మీదికి పోతుంది.

మొన్నటి చలికాలంలో అరవై దాటిన ఒకావిడ వచ్చింది. మూడు వారాలుగా దగ్గు. ఒక రాత్రి దగ్గుతుంటే లోపల పుటుక్కుమందట. అప్పటినుంచి పక్క మీద ఒత్తిగిలలేకపోతోంది. వేరేచోట ఎక్స్‌రే తీసి, ఎముక బాగానే ఉందని నొప్పి మందు స్ప్రే ఇచ్చి పంపారు.

కుడి చంక కింద ఏడో ఎముక వెంట వేలు నడిపాను. ఒక్కచోట ఆవిడ ఊపిరి బిగబట్టింది. తర్వాత ఒక చేయి రొమ్ము ఎముక మీద, ఇంకోటి వెన్ను మీద పెట్టి మెల్లగా నొక్కాను. నా చేతులు నొప్పికి దూరంగానే ఉన్నా, సరిగ్గా ఆ చోటే కలుక్కుమంది. పక్కటెముక వంచిన బద్దలాంటిది; ముందూ వెనకా నొక్కితే పక్కన వంగుతుంది. కండరం బెణికితే ఇలా నొక్కినప్పుడు కంటే నడుము తిప్పినప్పుడు, బరువెత్తినప్పుడు బాధ ఎక్కువ. దగ్గితే మాత్రం రెండూ నొప్పే, అక్కడే చాలామంది పొరబడతారు.

దగ్గుకే ఎముక విరుగుతుందా అంది ఆవిడ. దగ్గినప్పుడల్లా ఒక కండరం ఎముకను పైకి, పొట్ట కండరం కిందికి గుంజుతాయి. అలా వేలసార్లు వంగిన గుల్ల ఎముక చిట్లుతుంది. ఎముక పక్కకు జరగని చిట్లు మొదట్లో ఎక్స్‌రేలో తరచూ దొరకదు. దగ్గు తగ్గలేదని టీబీ కోసం గళ్ల పరీక్షతో పాటు మూడు వారాలకు మళ్లీ ఎక్స్‌రే తీయిస్తే, టీబీ లేదు గానీ ఆ ఎముక మీద అతుకు పడ్డ చిన్న బుడిపె కనిపించింది.

చిట్లినా, బెణికినా ఇంటి వైద్యం దాదాపు ఒకటే. బెణుకు రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది, చిట్లిన ఎముకకు ఆరు వారాలు. కొత్తలో నేను ఒక రైతుకు ఛాతీ చుట్టూ బిగించి కట్టు కట్టాను. వారానికి న్యుమోనియాతో వచ్చాడు. నొప్పికి భయపడి, కట్టు బిగువుకు ఊపిరి నిండా పీల్చక, గళ్ల లోపలే నిలిచిపోయింది. ఆనాటినుంచి ఎవరికీ కట్టు కట్టలేదు. నొప్పి మాత్ర వేళకు వేసుకోమంటాను, మెలకువగా ఉన్నంతసేపూ గంటకు పదిసార్లు నిండుగా ఊపిరి తీయమంటాను.

ఆయాసం, గళ్లలో రక్తం, జ్వరం వస్తే ఆగకుండా ఆసుపత్రికి పోవాలి. పడ్డాక కింది పక్కటెముకల దగ్గర దెబ్బ తగిలి కళ్లు తిరిగినా, కడుపు నొప్పి వచ్చినా అంతే. ఎడమవైపు ప్లీహం, కుడివైపు కాలేయం ఆ ఎముకల చాటునే ఉంటాయి.

ఆవిడకు దిండు చంక కింద హత్తుకుని దగ్గడం నేర్పాను. మళ్లీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు బస్సులో కూడా ఆ దిండు ఒళ్లోనే పెట్టుకుని వచ్చింది.