యాభై ప్యాకెట్లు పోతున్నాయి, డబ్బేది?

మా చిన్నాన్న కూతురు విజయవాడలో దోశ పిండి ప్యాకెట్ల వ్యాపారం మొదలుపెట్టి ఎనిమిది నెలలైంది. మొన్న ఆదివారం లెక్కల పుస్తకం పట్టుకుని మా ఇంటికొచ్చింది. “అన్నయ్యా, రోజుకు యాభై కిలో ప్యాకెట్లు షాపులకు వేస్తున్నాను. పిండి బాగుందని అందరూ అంటున్నారు. నెలాఖరుకు చేతిలో ఏమీ మిగలడం లేదు. తప్పెక్కడుందో చెప్పు” అంది.

ఇరవై ఏళ్లుగా చిన్న షాపులకు లెక్కలు రాస్తున్నవాణ్ణి. ఈ ప్రశ్నతో వచ్చిన ప్రతివాళ్ల పుస్తకంలోనూ ముందు ఒకే పని చేస్తాను. కాగితం మధ్యలో నిలువుగా గీత గీసి, ఒక్కో ఖర్చునీ ఒకటే అడుగుతాను: రేపు ఒక్క ప్యాకెట్ కూడా చేయకపోతే నువ్వు ఆగుతావా? ఆగనిది స్థిర వ్యయం, ఎడమవైపు. ఆగేది చర వ్యయం, కుడివైపు.

గది అద్దె 8,000, గ్రైండర్‌కీ ఫ్రిజ్‌కీ తీసుకున్న లోను కిస్తీ 4,500 ఎడమవైపుకు వెళ్లాయి. పనిమనిషి జీతం దగ్గర పేచీ వచ్చింది. “పని ఉంటేనే కదా ఆవిడ వచ్చేది” అంటూ కుడివైపు రాయబోయింది. నెలజీతం 10,000 మాట్లాడుకున్నాక నలభై ప్యాకెట్లు చేసినా అరవై చేసినా ఇచ్చేది అంతే, కనుక అదీ ఎడమవైపే. బండి పెట్రోలు 2,500 కూడా అంతే. యాభై ప్యాకెట్లున్నా ముప్పై ఉన్నా తిరగాల్సిన షాపులు అవే పదకొండు. ఫ్రిజ్ కరెంటు, ఫోను, శుభ్రానికయ్యేవి 3,000. ఎడమవైపు మొత్తం 28,000.

కుడివైపు ఒక్క ప్యాకెట్‌కయ్యే ఖర్చు రాశాం. కిలో పిండిలో బియ్యం, మినపగుళ్లు కలిపి నాలుగు వందల గ్రాములకు కాస్త పైన పడతాయి, మిగిలింది నీళ్లు. మూడు పాళ్ల బియ్యం 14 రూపాయలు, ఒక పాలు మినపగుళ్లు కూడా 14 రూపాయలే. మెంతులు, ఉప్పు 1, కవరు 3, రుబ్బడానికి కరెంటు 2. మొత్తం 34. ప్యాకెట్ మీద ధర 70 ఉన్నా షాపువాడు తన 10 ఉంచుకుని ఈమెకిచ్చేది 60. అరవైలోంచి ముప్పై నాలుగు తీస్తే 26. దీన్నే కాంట్రిబ్యూషన్ మార్జిన్ అంటారు. ఇది లాభం కాదు. ఎడమవైపున్న 28,000 తీర్చడానికి ఒక్కో ప్యాకెట్ తెచ్చే చందా.

28,000ను 26తో భాగిస్తే 1,077. నెలకు అన్ని ప్యాకెట్లు అమ్మితే లాభమూ లేదు, నష్టమూ లేదు. అదే బ్రేక్ ఈవెన్. రోజుకు ముప్పై ఆరు. ఈమె యాభై వేస్తోంది. అంటే పదివేలకు పైగా మిగలాలి.

“తిరిగొచ్చినవి ఎక్కడ రాశావు?” అని అడిగాను. రాయలేదు. పిండి రెండో రోజుకు పులిసి కవరు ఉబ్బుతుంది, షాపువాడు వెనక్కిచ్చేస్తాడు. యాభైలో సగటున ఆరు అలా వస్తున్నాయట. డబ్బు కట్టాల్సిన పని లేదు కనుక అది ఖర్చని ఆమెకు తోచలేదు. లెక్క మళ్లీ వేశాం. యాభై ప్యాకెట్లు చేయడానికి రోజుకు 1,700. అమ్ముడైన నలభై నాలుగుకు వచ్చింది 2,640. తేడా 940, నెలకు 28,200. స్థిర వ్యయం 28,000 పోతే మిగిలింది అక్షరాలా రెండు వందలు. పుస్తకంలో దొరకని డబ్బు ఉబ్బిన కవర్లలో పోయింది.

ఇంకో అంకె కూడా లేదు, ఆమె జీతం. తెల్లవారుజామున నాలుగింటికి లేచి చేసే పనికి వెల రాయకపోవడం కొత్తగా వ్యాపారం పెట్టినవాళ్లలో నేను ఎక్కువగా చూసే పొరపాటు. నాకు దీనిమీద కోపం కూడా. తన కష్టాన్ని ఉచితంగా పోస్తే నష్టంలో ఉన్న వ్యాపారం కూడా నడుస్తున్నట్టే కనిపిస్తుంది. 15,000 వేయించాను. స్థిర వ్యయం 43,000 అయింది. తిరిగొచ్చేవి తీసేశాక, చేసిన ఒక్కో ప్యాకెట్‌కు నికరంగా వచ్చేది 18 రూపాయల 80 పైసలే. ఆ లెక్కన రోజుకు డెబ్భై ఆరుకు పైగా చేస్తే గానీ గట్టెక్కదు.

ఆమె గ్రైండరూ ఫ్రిజ్జూ తట్టుకునేది రోజుకు అరవై అయిదు ప్యాకెట్లు. అంటే ఇలాగే నడిపితే బ్రేక్ ఈవెన్ ఆ గదిలో ఎప్పటికీ రాదు. రెండో గ్రైండర్ కొంటే కిస్తీ పెరిగి స్థిర వ్యయం ఒక మెట్టు ఎక్కుతుంది, చేరాల్సిన అంకె ఇంకా దూరం జరుగుతుంది. అమ్మకాలు పెంచితే అన్నీ సర్దుకుంటాయనే మాట ఇక్కడ పనికిరాదు.

అదే సమయానికి ఒక షాపు యజమాని అయిదు రూపాయలు తగ్గిస్తే ఎక్కువ అమ్ముతానన్నాడట. అందరికీ 55కే వేస్తే రోజుకు వచ్చే 940 కాస్తా 720 అవుతుంది. ధర ఎనిమిది శాతం తగ్గించినందుకు, పాత మొత్తం రావాలంటే ప్యాకెట్లు ముప్పై శాతం పెరగాలి. వద్దన్నాను.

మేం పట్టుకున్నది రెండు చోట్ల. మొదటిది, ఏ షాపులో నిన్న ఎన్ని అమ్ముడయ్యాయో రాసుకుని ఈరోజు అన్నే వేయడం. షాపులకు వేసేవి ముప్పైకి తగ్గించి, తిరిగొచ్చేవి రెండుకు దించాలని అనుకున్నాం. రెండోది, చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో ముందురోజు సాయంత్రం వాట్సాప్‌లో ఆర్డరు తీసుకుని 70కే నేరుగా ఇవ్వడం. అక్కడ షాపు కమిషన్ లేదు, తిరిగిరావడమూ లేదు. ఒక్కో ప్యాకెట్‌కు 36 వస్తుంది. అలా ఇరవై రెండు పోతే రోజుకు 792. షాపుల ముప్పైలో ఇరవై ఎనిమిది అమ్ముడైతే 660. రెండూ కలిపి నెలకు 43,560. డెబ్భై ఆరు దగ్గరున్న బ్రేక్ ఈవెన్ యాభై రెండుకు దిగింది. కొత్త యంత్రం లేదు, కొత్త మనిషీ లేదు.

ఈ లెక్కకు ఆయుష్షు తక్కువ. కిలో మినపగుళ్లు 30 రూపాయలు పెరిగితే ప్యాకెట్‌కు మూడు రూపాయలకు పైగా పోతుంది, నెలకు అయిదు వేలు. అందుకే సరుకు కొన్న రోజే కుడివైపు అంకె మార్చి మళ్లీ భాగించమని చెప్పి పంపాను.

వ్యాపారం పెట్టాలనుకుంటున్నవాళ్లు నాకోసం ఒక పని చేయండి. గదికి అడ్వాన్సు ఇవ్వకముందే, మీ జీతం కలిపి, పాడయ్యే సరుకు కలిపి రోజుకు ఎన్ని అమ్మాలో లెక్క తేల్చండి. కొనబోయే యంత్రం రోజుకు ఎన్ని చేయగలదో దాని పక్కనే రాయండి. మొదటి అంకె రెండోదానికంటే పెద్దదైతే ఆ అడ్వాన్సు ఇవ్వకండి.