ఉప్పు ముందు, పులుపు చివర

హైదరాబాద్ బోటీ కబాబ్ గొప్పతనం తెలియాలంటే దాన్ని నమలాలి. లక్నో కబాబ్ నాలుక మీద పెట్టగానే కరిగిపోతుంది. అక్కడి ఉస్తాద్‌లు అందుకోసమే తరతరాలుగా కష్టపడ్డారు. బోటీ దారి వేరు. ముక్క పంటికి తగలాలి, ఒక్క కొరుకుతో తెగాలి, తెగిన చోట రసం కనిపించాలి. ఎంత మెత్తబడినా అది మాంసమని నోటికి తెలియాలి. రెండింటిలో ఏది కష్టమని అడిగితే, పాతబస్తీలో సాయంత్రం పూట సిగ్డీ ముందు నిలబడి తిన్నవాళ్లెవరైనా బోటీ అనే చెబుతారు. మాంసాన్ని నూరి మెత్తగా చెయ్యడం ఒక విద్య. ముక్కను ముక్కగానే ఉంచి మెత్తబరచడం అంతకంటే పెద్ద విద్య. ఆ విద్య నిప్పు మీద కంటే ముందు గిన్నెలోనే చాలావరకు పూర్తవుతుంది.

ఇళ్లలో ఎక్కువగా జరిగే పొరపాటు నిమ్మకాయతో మొదలవుతుంది. కిలో మటన్‌కు మూడు నాలుగు నిమ్మకాయలు పిండి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెడతారు. పులుపు మాంసాన్ని మెత్తబరుస్తుందని అందరూ నమ్ముతారు, అందులో సగమే నిజం. నిమ్మరసం చాలా ఘాటైన ఆమ్లం. అది తగిలిన చోట మాంసంలోని ప్రోటీన్లు వేడి తగిలినట్టే ముడుచుకుంటాయి, వాటితోపాటు లోపలి నీరు బయటికి వస్తుంది. తెల్లారి గిన్నె తెరిస్తే ముక్కల అంచులు పాలిపోయి, సున్నం రంగుకు తిరిగి ఉంటాయి. గిన్నె అడుగున నీళ్లు చేరి ఉంటాయి. ఆ నీళ్లు ముక్కలో ఉండాల్సినవి. పైగా పులుపు ముక్క లోపలికి కొద్ది మిల్లీమీటర్లకు మించి దిగదు. పైపొర పిండిపిండిగా, నడుమ గట్టిగా మిగిలిపోతుంది. వెనిగర్ పోసినా జరిగేది ఇదే.

పెరుగు అలా కాదు. దాని పులుపు మెల్లగా పనిచేస్తుంది కాబట్టి గంటల తరబడి ఊరబెట్టినా ముక్క పాడవదు. అయితే పెరుగును పల్చటి గుడ్డలో కట్టి, నీరంతా కారనివ్వాలి. కట్టని పెరుగు మసాలాను పల్చన చేస్తుంది, నిప్పుల మీద చుక్కలుగా కారి బొగ్గుల వేడి తగ్గిస్తుంది, ముక్కకు కాలిన రంగు రాకుండా చేస్తుంది. గట్టి పెరుగు మాత్రం ముక్కను అంటిపెట్టుకుని, మంటకూ మాంసానికీ మధ్య ఒక పొరగా నిలుస్తుంది. బోటీ మీద అక్కడక్కడా కనిపించే ముదురు గోధుమరంగు మచ్చలు చాలావరకు ఆ పొర కాలగా వచ్చినవే.

మెత్తదనం తెచ్చేది మాత్రం పచ్చి బొప్పాయి. పచ్చికాయ పాలల్లో పపైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది మాంసపు ప్రోటీన్లను తుంచేస్తుంది. పండిన బొప్పాయిలో అది దాదాపు మిగలదు కాబట్టి కాయ పచ్చగా, గట్టిగా ఉండాలి. తొక్కలోనూ, తొక్క కిందా పాలు ఎక్కువ కాబట్టి పాతకాలపు వంటవాళ్లు తొక్కతోనే నూరతారు. పపైన్ ఫ్రిజ్ చలికి మందగిస్తుంది. మాంసం వేడెక్కి 60, 70 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి జోరందుకుంటుంది. అంటే సీకు నిప్పుల మీదికి ఎక్కాక కూడా కాసేపు దాని పని సాగుతూనే ఉంటుంది. ఈ సంగతి లెక్కలోకి తీసుకోనివాళ్లే గిన్నెలోనే ముక్క పూర్తిగా మెత్తబడాలని బొప్పాయి కుమ్మరిస్తారు. ఎక్కువైందో లేదో తెలుసుకోవడం తేలిక. ఊరిన పచ్చి ముక్కను గోటితో గీరితే పైపొర ముద్దలా ఊడివస్తే బొప్పాయి హద్దు దాటినట్టే. ఆ ముక్క సీకు మీద నిలవదు, నిలిచినా నోట్లో పిండి తిన్నట్టుంటుంది. ఒకసారి అలా అయ్యాక చెయ్యగలిగింది ఏమీ లేదు.

ఇక ఉప్పు. దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ, కానీ కబాబ్ ఎండిపోకుండా కాపాడేది ప్రధానంగా ఇదే. ఉప్పు చల్లిన కాసేపటికి ముక్క చెమ్మగిల్లి నీరు వదులుతుంది. అది చూసి భయపడి చివర్లో ఉప్పు వేసేవాళ్లున్నారు. ముప్పావు గంట ఆగితే ఆ ఉప్పునీటినే ముక్క తిరిగి పీల్చుకోవడం మొదలుపెడుతుంది. అప్పుడు ఉప్పు లోపలి ప్రోటీన్లను వదులు చేస్తుంది, అవి నీటిని పట్టుకుంటాయి, మంట మీద కూడా అంత తేలికగా వదలవు. పసుపు, మిరియాలు, గరం మసాలా పైపైనే ఉండిపోతాయి. గంటల కొద్దీ వదిలేస్తే ముక్క నడిమి దాకా వెళ్లేది ఉప్పొక్కటే. అందుకని బోటీకి ఉప్పు ముందు రాత్రే పట్టించాలి. అలా కుదరకపోతే కనీసం నాలుగు గంటల ముందు. పది నిమిషాల ముందు వేసిన ఉప్పు అన్నిటికంటే చెడ్డది. నీరు బయటికొచ్చి, ఇంకా లోపలికి పోకముందే ముక్క నిప్పు మీదికి ఎక్కుతుంది.

కిలో మాంసంతో ఈ లెక్క చూద్దాం. జబ్బ, తొడ కలిపి ఎముక తీయించుకోవాలి. తొడ ఒక్కటే అయితే కొవ్వు చాలదు. తెల్లటి పొరలు కోసేసి, అంగుళం పైచిలుకు ముక్కలు చెయ్యాలి. కడిగితే జల్లెడలో వేసి నీరంతా పోనివ్వాలి. 15 గ్రాముల ఉప్పు, అంటే రెండున్నర చెంచాలు, రెండు పెద్ద చెంచాల అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి. మర్నాడు నిప్పు రాజేయడానికి రెండు మూడు గంటల ముందు, ఒకటిన్నర పెద్ద చెంచాల పచ్చి బొప్పాయి ముద్ద, 150 గ్రాముల కట్టిన పెరుగు, కారం, గరం మసాలా, వేయించి నూరిన ఉల్లి, రెండు పెద్ద చెంచాల నూనె కలపాలి. చలవమిరియాలు దొరికితే నాలుగైదు నూరి వెయ్యాలి, ఆ వాసన వేరు. నిమ్మరసం ఈ జాబితాలో లేదు. అది సీకు దించాక పళ్లెంలో పిండేది.

సీకుల దగ్గర ఒక కథ చెబుతారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వేటకు వెళ్తే వెంట సీకులు తేవడం మరిచిపోయారట, వంటవాళ్లు రాతిపలకను వేడి చేసి దాని మీదే మాంసం కాల్చారట, అదే పత్థర్ కా గోష్త్ అయిందట. నిజం ఎంతో గానీ, సీకు లేని లోటు రాయితోనే తీరిందని హైదరాబాద్ చెప్పుకునే కథ ఇది. సన్నటి గుండ్రటి చువ్వ మీద ముక్క నిలవదు. చువ్వ తిరిగినా ముక్క తిరగదు, బరువైన వైపే కిందికి వేలాడుతూ అదే కాలుతుంది. అందుకే పలకలుగా ఉన్న సీకు కావాలి, ఖీమా కబాబ్‌కైతే ఇంకా వెడల్పుది. టర్కీలో అదానా కబాబ్ చేసేవాళ్లూ వెడల్పాటి చదును సీకులే వాడతారు. ఇనుము వేడెక్కి ముక్కను లోపలి నుంచి కూడా ఉడికిస్తుంది. వెదురు పుల్లలకు ఆ గుణం లేదు. అవి వాడక తప్పకపోతే అరగంట నీళ్లలో నానబెట్టాలి.

ముక్కలను ఒత్తుగా గుచ్చితే ఆనుకున్న చోట ఆవిరికి ఉడికి తెల్లగా మిగులుతాయి. మరీ ఎడంగా గుచ్చితే నలువైపులా ఎండిపోతాయి. ఒకదానికొకటి తాకీ తాకనట్టు ఉండాలి. ప్రతి రెండు మూడు ముక్కలకు మధ్య వేలిగోరంత కొవ్వు ముక్క గుచ్చాలి. అది కరుగుతూ పక్క ముక్కలను తడుపుతుంది. మంచి చెయ్యి ఉన్న ఉస్తాద్ సీకు గుచ్చేటప్పుడు చూడాలి. ఎడమచేతి రెండు వేళ్లతో ముక్కను నొక్కి, దళసరి వైపు ఏదో తడిమి, సీకుకు అటూ ఇటూ బరువు సమంగా పడేలా గుచ్చుతాడు. పేరు లేని ఇలాంటి చేతులు ఈ నగరంలో ఎన్నో ఉన్నాయి.

బొగ్గుల మీద మంట పూర్తిగా తగ్గి, పైన తెల్లటి బూడిద కమ్మాకే సీకు పెట్టాలి. మాంసం ఉండే ఎత్తులో అరచెయ్యి పెడితే మూడు నాలుగు సెకన్లకే తీసెయ్యాలనిపించాలి. నిమిషానికోసారి తిప్పుతూ పోతే ఎనిమిది, పది నిమిషాల్లో బోటీ సిద్ధం. నెయ్యి చివరి రెండు నిమిషాల్లోనే రాయాలి. ముందే రాస్తే బొగ్గుల మీద పడి మంట లేచి, మసి అంటుతుంది. వేలితో నొక్కితే ముక్క తిరిగి లేవాలి. రాయిలా ఉంటే ఆలస్యమైనట్టు, ఎందుకంటే ఎంత ఊరినా హద్దు మీరిన వేడికి మాంసం ముడుచుకుని రసం పిండేస్తుంది. దించాక రెండు మూడు నిమిషాలు ఆగి తినాలి.

ఖీమా లెక్క కొంచెం వేరు. ఉప్పు వేసి చల్లగా ఉండగానే జిగురు వచ్చేదాకా పిసకాలి. ఆ జిగురే సీకును పట్టుకుంటుంది. ఉల్లి తరుగును పిండకుండా కలిపితే నీరూరి కబాబ్ జారి బొగ్గుల్లో పడుతుంది. ఖీమాతోనే చేసే లక్నో వైపు కాకోరీ కబాబ్‌ను మహామహుల పళ్లేలకు చేర్చిన ఇంతియాజ్ ఖురేషీకి 2016లో పద్మశ్రీ వచ్చింది. లక్నో పక్షమైనా ఆయనకు దండం పెట్టాల్సిందే. హాజీ మురాద్ అలీ ఒంటిచేత్తో టుండే కబాబ్‌కు దేశమంతా పేరు తెచ్చాడు. రెండు చేతులున్నవాళ్లు చేసే హడావిడి చూస్తే ఆయన గుర్తుకు రాక మానడు.

ఆ హడావిడే ఇప్పుడు కబాబ్‌ను తినేస్తోంది. మధ్యాహ్నం తెచ్చిన మాంసం సాయంత్రానికి అమ్ముడుపోవాలి. ఉప్పుకు సమయం లేదు కాబట్టి వెనిగర్, బొప్పాయి నూరే ఓపిక లేదు కాబట్టి టెండరైజర్ పొడి, బొగ్గు రాజేసే తీరిక లేదు కాబట్టి గ్యాస్. వీటివల్ల రాని రంగును తెచ్చేందుకు ఎర్రటి డబ్బా. 2024 జూన్‌లో కర్ణాటక ప్రభుత్వం చికెన్, చేప, కూరగాయల కబాబ్‌లలో కృత్రిమ రంగులను నిషేధించింది. పరీక్షకు తీసుకున్న నమూనాల్లో సన్‌సెట్ యెల్లో, కార్మోజీన్ రంగులు దొరికాయి. కబాబ్‌ల ఊరని చెప్పుకునే హైదరాబాద్ ఈ పని పొరుగువాళ్ల కంటే ముందు చెయ్యాల్సింది. కశ్మీరీ మిరప, బొగ్గు సెగ ఇచ్చే రంగు గోధుమ కలిసిన ఎరుపు. వేలికి అంటుకుని సబ్బుకు కూడా పోని ఎరుపు మిరపకాయది కాదు.

కొనేవాళ్లూ కొంచెం గట్టిగా అడగాలి. సీకు మీదికి ఎక్కకముందు ఊరిన మాంసం చూపించమనండి. గిన్నె అడుగున నీళ్లు తేలినా, ముక్కల అంచులు తెల్లబడినా, చేతికి రంగు అంటినా వెనక్కి వచ్చెయ్యండి. బొగ్గుల మీద కాల్చి, రాత్రే ఉప్పు పట్టించానని చెప్పేవాడు ప్లేటుకు ఇరవై రూపాయలు ఎక్కువ అడిగితే బేరమాడకుండా ఇవ్వండి.