2007 ఏప్రిల్ దగ్గర గీత

2007 ఏప్రిల్ 1న రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లకు పెద్ద ఆపరేషన్లు ఉచితంగా చేయించే పథకం అది. దానివల్ల ఆపరేషన్లు పెరిగాయా అని రాసేటప్పుడు ‘ముందు సగటు ఇంత, తర్వాత సగటు ఇంత’ అని తేల్చేయడం నాకు నచ్చదు. అంతకుముందే పెరుగుతున్న లెక్కయితే, ఆ పెరుగుదలా పథకం ఖాతాలో పడిపోతుంది.

అందుకే నెలవారీ లెక్కకు పాత ధోరణిని కలిపి ఇలా రాస్తాం:

```
Y = b0 + b1*t + b2*D + b3*D*(t-25) + e
```

2005 ఏప్రిల్ t=1 అనుకుంటే 2007 ఏప్రిల్ 25వ నెల. అప్పటినుంచి D విలువ 1, అంతకుముందు 0. పథకం వచ్చిన నెలలోనే కనిపించే ఎగుడు b2, అది స్థాయి మార్పు. ఆపైన నెలనెలా పాత వాలుకు తోడయ్యేది b3, అది వాలు మార్పు. మాటవరసకు b2 ఆరు, b3 ఒకటిన్నర అనుకుందాం. 2008 ఏప్రిల్‌కి పాత ధోరణి కన్నా 6+12×1.5, అంటే 24 ఆపరేషన్లు ఎక్కువ. నివేదికలో పాఠకుడికి కావలసింది ఈ వాక్యమే.

ఆ 25 తీసేయడం మరిచి D*t అని రాస్తే, అవే అంకెలకు b2 మైనస్ 31.5 అని వస్తుంది. లెక్క తప్పలేదు, కానీ అది t=0 నాటి తేడా. గ్రాఫులో గీత పైకి లేచి, పట్టికలో మైనస్ కనిపిస్తే ముందు ఇక్కడే చూడాలి.

ఇక ఆటోకోరిలేషన్. కరువు సీమలో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. వేరుశనగ పోయిన ఏడాది అప్పులు, వలసలు నెలల తరబడి నడుస్తాయి. అందుకే మోడల్ అంచనాకూ అసలు లెక్కకూ తేడా వరసగా చాలా నెలలు ఒకేవైపు ఉండిపోతుంది. పక్కపక్క నెలల తేడాల మధ్య కోరిలేషన్ 0.5 ఉంటే, సగటు విషయంలో 24 నెలల సమాచారం సుమారు ఎనిమిది నెలలదిగా మిగులుతుంది. పట్టించుకోకపోతే కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ అబద్ధంగా ఇరుకవుతుంది. డర్బిన్-వాట్సన్ అంకె 2కు బాగా తగ్గితే అనుమానించాలి. అది పక్క నెలనే చూస్తుంది కాబట్టి, పన్నెండో నెల కోరిలేషన్‌నూ విడిగా చూసి, ఏ సవరణ చేశామో రాయాలి.

వీటికి లొంగనిది ఇంకొకటుంది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న ఈ జిల్లాలోని బండ్లపల్లిలోనే మొదలైంది. చేతిలో కూలి డబ్బు ఆడితే ఆసుపత్రి ప్రయాణాలూ మారవచ్చు. పోలికకు నేను కర్నూలును కాక కడపను తీసుకుంటాను. రెండింటికీ ఆరోగ్యశ్రీ 2008లోనే వచ్చింది, కానీ ఉపాధి హామీ మొదటి విడతలో అనంతపురంతోపాటు కడప ఉంది, కర్నూలు లేదు.