లెక్క ఎక్కడ ఆగిపోయింది?

మైనారిటీ రాజకీయాల మీద పీహెచ్‌డీ గ్రంథం తెరిచి పరిశోధనా పద్ధతి అధ్యాయానికి వెళ్తే ఒక తరహా వాక్యం ఎదురవుతుంటుంది: ముస్లింల అనుభవాన్ని అంకెలు పట్టుకోలేవు, అందుకే సర్వే మాని కేస్ స్టడీ చేశాం అని. మన బాధ మీద గౌరవంతో రాసినట్టే ఉంటుంది. కానీ ‘ముస్లింల’ తీసేసి ‘మత్స్యకారుల’ అని పెట్టండి. వాక్యం చెక్కుచెదరదు. అలాంటిది సమర్థన ఎలా అవుతుంది?

ఇంకొందరు నమూనా చిన్నదైపోతుందంటారు. నిజమే. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముస్లింలు సుమారు 9.6 శాతం. వెయ్యి మందిని అడిగితే మనవాళ్లు ఓ 96 మంది తగులుతారు. ఆ కొద్దిమంది మీద తేల్చిన అంకె పది శాతం అటూ ఇటూ ఊగుతుంది. ఇక అందులో ఆడవాళ్ల మాటేమిటి, దూదేకులవాళ్ల మాటేమిటి? అయితే దీనికి మందు సర్వేలోనే ఉంది. ముస్లింలను కావాలనే ఎక్కువమందిని అడిగి, తర్వాత మొత్తం లెక్కలో వాళ్ల వాటా సరిచేయొచ్చు. వైవాలో పరీక్షకుడు ఇంత మాట అంటే చాలు, వాదన కూలిపోతుంది.

సమర్థన ప్రశ్నలోంచి రావాలి. అశుతోష్ వార్ష్ణేయ, స్టీవెన్ విల్కిన్‌సన్ కలిసి 1950–95 మధ్య జరిగిన హిందూ ముస్లిం అల్లర్లను పత్రిక వార్తల్లోంచి లెక్కగట్టారు. చావుల్లో పల్లెల వాటా 3.6 శాతమే. ఎనిమిది నగరాల్లోనే దాదాపు సగం. లెక్కే లేకపోతే ఇది తెలిసేది కాదు. కానీ ముస్లిం జనాభా శాతం ఇంచుమించు ఒకటే అయినా అలీగఢ్ ఎందుకు మండింది, కాలికట్ ఎందుకు మండలేదు? లెక్క ఇక్కడ ఆగిపోయింది. వదంతి పుట్టినప్పుడు ఎవరు ఆరా తీశారు, అధికారుల దగ్గరికి ఎవరు పరిగెత్తారు, ఆ ఇద్దరు వర్తకులకు ముందునుంచీ ఏ సంఘంలో పరిచయం, ఇవన్నీ ఊళ్లో కూర్చుని ఒకదాని వెనక ఒకటి అడిగి తెలుసుకోవాల్సినవి. అందుకే 2002లో వచ్చిన తన పుస్తకంలో వార్ష్ణేయ హైదరాబాదును లక్నోతో జతచేసి చదివాడు.

విశేషమేమిటంటే, విల్కిన్‌సన్ ప్రశ్న వేరు. ఏ ప్రభుత్వాలు అల్లర్లను ఆపుతాయి, ముస్లిం ఓట్ల అవసరం ఉన్నవా అని అడిగాడు. దానికి గణాంకాలే ఎక్కువ పనికొచ్చాయి.

మన విద్యార్థులు చేసే అసలు పొరపాటు ఇంకోటుంది. పాతబస్తీలో అల్లర్లు జరిగిన గల్లీనే ఎంచుకుంటారు. పేదరికం, వదంతులు, పోలీసుల పక్షపాతం కనిపిస్తాయి, అవే కారణాలని రాసేస్తారు. అవన్నీ ఉండి కూడా గొడవ జరగని గల్లీని చూడనిదే వాటిని కారణాలని ఎలా అంటారు? పైగా మూడో అధ్యాయంలో ‘ఒక బస్తీ’ అన్నది చివరి అధ్యాయానికి ‘తెలంగాణ ముస్లింలు’ అయిపోతుంది. ఎంతమంది అలా ఉన్నారో చెప్పే హక్కు ఆ బస్తీ ఇవ్వదు. అది కావాలంటే మళ్లీ సర్వేకే వెళ్లాలి.